89 56 FC: ఈ మూడు బైట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అంటే ముందుగా గుర్తొచ్చేది 8086 ట్రైనర్ కిట్, దాని మీది హెక్స్ కీప్యాడ్, పక్కన ఓ జిరాక్స్ కాగితం. సీనియర్ల దగ్గర నుంచి చేతులు మారుతూ వచ్చే ఆ కాగితంలో ఓ యాభై అరవై ఇన్‌స్ట్రక్షన్లు, వాటి ఎదురుగా హెక్స్ కోడ్లు ఉంటాయి. రికార్డులో ఉన్న ప్రోగ్రాములకు అది సరిపోతుంది. చిక్కంతా ఎక్స్‌టర్నల్ వచ్చి ప్రోగ్రాములో ఒక్క లైను మార్చమన్నప్పుడు మొదలవుతుంది. `MOV [BX], DX` బదులు `MOV [BP-4], DX` రాయమంటే కాగితంలో అది ఉండదు, ఉండే అవకాశమూ లేదు.

ఎందుకు లేదో చిన్న లెక్కతో తేలిపోతుంది. రిజిస్టర్‌కీ మెమరీకీ మధ్య, లేదా రెండు రిజిస్టర్ల మధ్య డేటా కదిపే `MOV` ఒక్క రకమే తీసుకుందాం. మొదటి బైటులో రెండు బిట్లు మారతాయి కాబట్టి నాలుగు రూపాలు, రెండో బైటు 256 రకాలుగా ఉండొచ్చు, అంటే 1024 కాంబినేషన్లు. అడ్రసులో కలిపే సంఖ్యలను ఇంకా లెక్కలోకే తీసుకోలేదు. ఇంటెల్ డేటాషీటు ఈ వెయ్యి చిల్లరను ఒకే ఒక్క వరుసలో పెట్టేసింది, ఎందుకంటే అది జాబితా కాదు, నింపుకోవాల్సిన ఖాళీ ఫారం. ఆ ఫారం ఎలా నింపాలో టేబుల్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, జిరాక్స్‌కి జిరాక్స్ తీసేటప్పుడు ముందు చెదిరిపోయేది కూడా ఆ చిన్న అక్షరాలే.

కాబట్టి ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌నే పట్టుకుని చివరిదాకా చేత్తో కోడ్ కట్టి చూద్దాం.

ముందు అది ఏం చేస్తుందో తెలియాలి. `DX`లో ఉన్న 16 బిట్ల విలువను, `BP` లోంచి 4 తీసేస్తే వచ్చే చోట మెమరీలో రాయాలి. సీ భాషలో ఓ ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌కి విలువ ఇస్తే 16 బిట్ల కంపైలర్లు పుట్టించే కోడ్ తరచూ ఇలాంటిదే. ఇక్కడ గమనించాల్సినవి నాలుగు: పని `MOV`, ఒకవైపు రిజిస్టర్ `DX`, మరోవైపు `BP` ఆధారంగా ఉన్న మెమరీ, దానికి కలపాల్సిన సంఖ్య మైనస్ 4. డేటాషీటు అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు ఈ నాలుగింటిలోనే ఉన్నాయి.

టేబుల్ తెరిస్తే `MOV` పేరు కింద ఒకటి కాదు, ఏడు వరుసలు కనిపిస్తాయి, చాలామంది ఇక్కడే కంగారు పడతారు. నిజానికి ఏరివేత సులువే. నేరుగా ఒక సంఖ్యను ఎక్కించేవి రెండు వరుసలు, మన దగ్గర ఎక్కించాల్సిన సంఖ్య లేదు (మైనస్ 4 అన్నది అడ్రసులో భాగం, డేటా కాదు, ఈ రెండూ కలిసిపోతే మొత్తం పని పాడవుతుంది). `AX` లేదా `AL`కి మాత్రమే పనికొచ్చే పొట్టి రూపాలు ఇంకో రెండు, మనది `DX`. సెగ్మెంట్ రిజిస్టర్ల కోసం మరో రెండు, అవీ వద్దు. మిగిలింది మొదటి వరుస, రిజిస్టర్‌కీ, రిజిస్టర్ లేదా మెమరీకీ మధ్య రెండు దిశల్లోనూ పనిచేసేది:

```
100010dw   mod reg r/m   (disp-low)   (disp-high)
```

టేబుల్లో బ్రాకెట్లు ఉండవు. చివరి రెండు బైట్లు ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పడానికి ఇక్కడ పెట్టినవి. అవి ఉన్నాయో లేవో తేల్చేది `mod`, ఆ సంగతి కాస్త ఆగి చూద్దాం.

మొదటి బైటులో ఆరు బిట్లు రాసే ఉన్నాయి, `d`, `w` మనం నింపాలి. `w` సులువు: 16 బిట్ల పని అయితే 1, 8 బిట్ల పని అయితే 0. `DX` పూర్తి రిజిస్టర్ కాబట్టి 1. `d` దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. డేటాషీటు దీనికి ఇచ్చిన వివరణ ఒక్క ముక్క: 1 అయితే `reg` లోకి, 0 అయితే `reg` లోంచి. విజయనగరం-శ్రీకాకుళం బస్సు బోర్డు లాంటిదే ఇదీ, ఊళ్లు రెండూ అవే, రోడ్డూ అదే, ఎటు నుంచి ఎటు అన్నదే తేడా. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, రాసేటప్పుడు గమ్యాన్ని ముందు రాస్తాం కదా, అందుకని రెండో బైటులో కూడా ముందున్న ఫీల్డే గమ్యం అనుకుంటారు. కాదు. `reg` ఫీల్డులో ఎప్పుడూ రిజిస్టరే కూర్చుంటుంది, మెమరీ అంటూ ఉంటే అది ఎప్పుడూ `r/m` వైపే, వాటి చోట్లు మారవు, దిశను `d` ఒక్కటే చెబుతుంది. మన ఇన్‌స్ట్రక్షన్‌లో డేటా `DX` లోంచి బయటికి పోతోంది, అంటే `d` 0.

```
100010 0 1  =  1000 1001  =  89
```

రెండో బైటు ఈ మొత్తం పనికి గుండెకాయ. ఎనిమిది బిట్లను రెండు, మూడు, మూడుగా చీల్చారు. మధ్యలోని `reg`కి డేటాషీటులో చిన్న టేబుల్ ఉంది, 16 బిట్ల వరుస ఇలా వెళ్తుంది: `AX` 000, `CX` 001, `DX` 010, `BX` 011, `SP` 100, `BP` 101, `SI` 110, `DI` 111. ఏ, బీ, సీ, డీ అనే అక్షర క్రమం కాదు, ఏ, సీ, డీ, బీ. ఈ ఒక్కటి చూసుకోకుండా అలవాటు మీద నింపేస్తే `BX` అనుకుని `CX` వాడేస్తారు, ఏ ఎర్రర్ మెసేజీ రాదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది. మనకు కావాల్సింది `DX`, అంటే 010.

చివరి మూడు బిట్లు `r/m`. మెమరీ అడ్రసు దేంతో కట్టాలో ఇది చెబుతుంది. ఇక్కడి టేబుల్ వేరు, రిజిస్టర్ టేబుల్‌ని దీనికి వాడకూడదు:

```
000  BX+SI      100  SI
001  BX+DI      101  DI
010  BP+SI      110  BP *
011  BP+DI      111  BX
```

`BP` అంటే రిజిస్టర్ టేబుల్లో 101, ఇక్కడ 110. ఒకే పేరుకి రెండు చోట్ల రెండు నంబర్లు. తొందరలో 101 వేస్తే అది `DI` అవుతుంది, అడ్రసు ఎక్కడికో పోతుంది. పక్కనున్న ఆ నక్షత్రం గుర్తు చూశారుగా, దాని కథ పెద్దది, కింద వస్తుంది.

ఇక `mod`. 11 అయితే `r/m`లో ఉన్నది మెమరీ కాదు, ఇంకో రిజిస్టర్. 00 అయితే మెమరీయే, కానీ కలపాల్సిన సంఖ్య లేదు. 01 అయితే ఒక బైటు సంఖ్య వెనకే వస్తుంది. 10 అయితే రెండు బైట్ల సంఖ్య వస్తుంది. మైనస్ 4 ఒక బైటులో పడుతుంది కాబట్టి 01 చాలు.

```
01 010 110  =  0101 0110  =  56
```

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ బైటుని హెక్స్‌లో చూస్తే ఏమీ అర్థం కాదు, ఎందుకంటే హెక్స్ నాలుగేసి బిట్లుగా కోస్తుంది, ఇక్కడి గీతలేమో రెండు, మూడు, మూడు దగ్గర ఉన్నాయి. అదే బైటుని ఆక్టల్‌లో రాస్తే 126 వస్తుంది: `mod` 1, `reg` 2, `r/m` 6. ఫీల్డులు మూడూ మూడు అంకెలై విడిపోయి కనిపిస్తాయి. కిట్‌కి హెక్సే కావాలి కాబట్టి చివరికి మార్చుకోక తప్పదు, కానీ కాగితం మీద పనంతా ఆక్టల్‌లో చేసుకునేవాళ్లకు తప్పులు తక్కువ వస్తాయి, పైగా పక్కవాళ్ల కోడ్ చూసి అందులో ఏ రిజిస్టర్ ఉందో చటుక్కున చెప్పేయొచ్చు. హెక్స్ టేబుళ్లు బట్టీ పట్టించే బదులు ల్యాబులో మొదటి రోజే ఇది చెబితే సగం గొడవ తగ్గుతుంది.

మూడో బైటు మైనస్ 4. నాలుగు అంటే 0000 0100, బిట్లన్నీ తిరగేస్తే 1111 1011, ఒకటి కలిపితే 1111 1100, అంటే `FC`. ప్రాసెసర్ దీన్ని 252గా చూడదు, పై బిట్టు 1 ఉంది కాబట్టి ముందు `FF` చేర్చి 16 బిట్ల `FFFC`గా సాగదీస్తుంది, ఆ తర్వాతే `BP`కి కలుపుతుంది. డేటాషీటులో `mod` 01 దగ్గర ఈ సాగదీత గురించి రాసే ఉంది, కానీ దాని పర్యవసానం ఏమిటన్నది చదివేవాళ్లే తేల్చుకోవాలి: ఒక బైటులో మైనస్ 128 నుంచి ప్లస్ 127 దాకానే పడుతుంది. `[BP+200]` కావాలంటే 200 హెక్స్‌లో `C8`, ఒక బైటులోనే పట్టిందిగా అని `89 56 C8` వేస్తే అది `[BP-56]` అయిపోతుంది. దానికి `mod` 10 చేసి, రెండు బైట్లూ ఇచ్చి, చిన్న బైటు ముందు పెట్టి `89 96 C8 00` రాయాలి.

మొత్తానికి మన ఇన్‌స్ట్రక్షన్ `89 56 FC`. ఇప్పుడు ఇది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

కిట్ మీద అయితే విలువలు ముందే పెట్టుకుని నడిపి చూడాలి. `SS`లో 0100, `DS`లో 0000, `BP`లో 0200, `DX`లో 1234 ఉన్నాయనుకుందాం, అన్నీ హెక్స్. 0200కి `FFFC` కలిపితే 101FC, పైకి పొంగిన 1ని వదిలేస్తే 01FC. దీనికి సెగ్మెంట్ కలపాలి. చాలామంది అలవాటు కొద్దీ `DS`ని కలిపి 001FC దగ్గర వెతుకుతారు, అక్కడ పాత చెత్తే ఉంటుంది, కోడ్ తప్పేమో అని మళ్లీ మొదటి నుంచి లెక్క కడతారు. కోడ్ తప్పు కాదు. అడ్రసులో `BP` ఉంటే 8086 దానంతట అదే `SS` వాడుతుంది, ఈ సంగతి మూడు బైట్లలో ఎక్కడా రాసి ఉండదు. `SS`ని పదహారుతో గుణిస్తే 01000, దానికి 01FC కలిపితే 011FC. అక్కడ 34, ఆ పక్క 011FDలో 12 కనిపించాలి. చిన్న బైటు ముందు, పెద్ద బైటు తర్వాత.

ఏ బిట్టు తప్పిందో కూడా కనిపించినదాన్ని బట్టే చెప్పొచ్చు. 011FCలో 34 వచ్చి, పక్కన 12 బదులు అంతకు ముందున్న విలువే ఉందంటే `w` తప్పింది. మొదటి బైటు 89 బదులు 88 పడింది, అప్పుడు `reg`లోని 010 `DX` కాదు, `DL` అవుతుంది, ఒక్క బైటే రాస్తుంది. మెమరీ అసలు కదలకుండా `DX` మారిపోయిందంటే `d` తప్పింది, 89 బదులు 8B పడి దిశ తిరగబడింది. విలువ సరిగ్గా ఉన్నా చోటు తప్పితే `r/m`నో, సంఖ్యనో, సెగ్మెంట్‌నో అనుమానించాలి.

కిట్ అందుబాటులో లేనివాళ్లు ఇంట్లో కంప్యూటర్ మీదే చూసుకోవచ్చు. డాస్‌బాక్స్‌లో పాత `DEBUG` పెట్టుకుని `U` కొట్టినా సరే, లినక్స్‌లో నాస్మ్‌తో పాటు వచ్చే డిసాసెంబ్లర్‌తో అయినా సరే:

```
printf '\x89\x56\xfc' > t.bin
ndisasm -b 16 t.bin
```

`mov [bp-0x4],dx` అని వస్తే చాలు. ఆ `-b 16` ముఖ్యం. దాని బదులు 32 అని ఇస్తే అవే మూడు బైట్లు `mov [esi-0x4],edx` అయి కూర్చుంటాయి. బైట్లు మారలేదు, చదివే టేబుల్ మారింది: 32 బిట్ల ప్రాసెసర్ల డేటాషీటులో `r/m` 110 అంటే `ESI`. మెషీన్ కోడ్‌కి సొంతంగా అర్థం ఉండదు, ఏ మోడ్‌లో చదువుతున్నామో ఆ మోడ్ ఇచ్చే అర్థమే ఉంటుంది.

ఇప్పుడు ఆ నక్షత్రం. ఎక్స్‌టర్నల్ ఇంకాస్త తిరకాసు మనిషి అయితే మైనస్ 4 తీసేసి `MOV [BP], DX` రాయమంటారు. పైన చెప్పిన నియమం ప్రకారం కలపాల్సిన సంఖ్య లేదు కాబట్టి `mod` 00, `reg` 010, `r/m` 110, అంటే 00 010 110, హెక్స్‌లో 16. కాబట్టి `89 16`, రెండు బైట్లు, పని అయిపోయింది అనిపిస్తుంది. టేబుల్‌ని ఎంత జాగ్రత్తగా చదివినా, కింది గమనికను చదవకపోతే ఇదే జవాబు వస్తుంది, ఇది తప్పు.

గమనికలో ఉన్నది ఇది: `mod` 00, `r/m` 110 కలిసి వస్తే మాత్రం `BP` అన్న మాటే లేదు, వెనక వచ్చే రెండు బైట్లే నేరుగా అడ్రసు. అంటే `89 16` రెండు బైట్ల ఇన్‌స్ట్రక్షన్ కాదు, నాలుగు బైట్లది. తర్వాతి రెండు బైట్లు మనం ఇవ్వకపోతే ప్రాసెసర్ ఊరుకోదు, వెనక ఏముంటే దాన్నే తీసేసుకుంటుంది. ప్రోగ్రాములో దీని తర్వాత `INC AX`, ఆపై ఆగడానికి `INT 3` ఉన్నాయనుకుందాం. ఆ రెండూ ఒక్కో బైటువే, 40, CC.

```
89 16 40 CC      MOV [CC40], DX
89 56 00 40 CC   MOV [BP+0], DX / INC AX / INT 3
```

పై వరుసలో ఏం జరిగిందో చూడండి. `INC AX`, `INT 3` రెండూ మాయమయ్యాయి, అవి CC40 అనే అడ్రసుగా మారి మొదటి ఇన్‌స్ట్రక్షన్ కడుపులోకి వెళ్లిపోయాయి. `DX` విలువ `SS`లో కాదు, `DS`లో CC40 దగ్గర పడుతుంది, అక్కడ ర్యామ్ లేకపోతే ఎక్కడా పడదు. అది చిన్న నష్టమే. పెద్ద నష్టం ఏమిటంటే ఆపే ఇన్‌స్ట్రక్షన్ పోయింది కాబట్టి ప్రాసెసర్ ఆగకుండా ముందుకెళ్లి ర్యామ్‌లో మిగిలి ఉన్న పాత బైట్లన్నింటినీ ప్రోగ్రామే అనుకుని నడుపుకుంటూ పోతుంది. డిస్‌ప్లే ఖాళీ అవుతుంది, లేదా పిచ్చి అక్షరాలు వస్తాయి, కీలు పనిచేయవు. "ఏటైంది, కిట్ హ్యాంగైపోయిందేటి?" అని ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి రీసెట్ నొక్కి వెళ్తారు, మళ్లీ అదే కోడ్, మళ్లీ అదే వరస. తప్పు ఒకచోట, గోల ఇంకోచోట. కిట్ మీదో కరెంటు మీదో అనుమానం పోతుంది కానీ మొదటి లైనులో ఉన్న 16 మీదికి పోదు. మెమరీలో మన బైట్లు ఎక్కించినవి ఎక్కించినట్టే ఉంటాయి కాబట్టి వాటిని చూసినా ఉపయోగం లేదు, వాటిని ప్రాసెసర్ ఎలా విడదీస్తుందో చూడాలి. సింగిల్ స్టెప్ ఉన్న కిట్ అయితే చటుక్కున తెలిసిపోతుంది: ఒక్క స్టెప్పు వేయగానే `IP` రెండు కాకుండా నాలుగు పెరుగుతుంది.

సరైన దారి ఏమిటంటే సంఖ్య లేని `[BP]` అనేది ఈ ఎన్‌కోడింగ్‌లో లేదు, కాబట్టి సంఖ్య సున్నా అని చెప్పి `mod` 01 వాడాలి: `89 56 00`. అసెంబ్లర్లు గుట్టుచప్పుడు కాకుండా చేసేదీ ఇదే. లిస్టింగ్ ఫైలులో `[BP]` ఎదురుగా ఈ అనవసరపు సున్నా చూసి ఇదేదో అసెంబ్లర్ పొరపాటు అనుకునేవాళ్లు ఉన్నారు, దానికి వేరే మార్గం లేదు.

ఇలా ఎందుకు పెట్టారన్నది ఆలోచిస్తే అర్థమవుతుంది. `mod`లో మెమరీకి మిగిలినవి మూడు విలువలు, `r/m`లో ఎనిమిది, మొత్తం 24 చోట్లు. ఈ 24లోనూ ఏదో ఒక రిజిస్టర్ ఉంటుంది. రిజిస్టర్ ఏదీ లేకుండా నేరుగా `[1234]` అని అడ్రసు ఇవ్వాలంటే చోటు లేదు, అది లేకపోతే గ్లోబల్ వేరియబుల్ ముట్టుకోవాలన్నా ముందు రిజిస్టర్ నింపుకోవాలి. ఎవరో ఒకరు తమ చోటు వదులుకోవాలి. స్టాక్ ఫ్రేమ్‌లో `BP` సాధారణంగా పాత `BP`ని దాచిన చోటునే చూపిస్తుంది, దానికి కిందివైపు లోకల్ వేరియబుల్స్, పైవైపు ఫంక్షన్‌కి ఇచ్చిన విలువలు ఉంటాయి, అంటే `BP`తో చేసే పనిలో దాదాపు ఎప్పుడూ ఏదో ఒక సంఖ్య కలుపుతూనే ఉంటాం. ఖాళీ `[BP]` అవసరం చాలా తక్కువ. `[BX]`, `[SI]`, `[DI]` అలా కాదు, యారేలు నడిపేటప్పుడు ఖాళీగానే వాడతాం, వాటిలో ఏది తీసేసినా ప్రతి లూపులోనూ ఒక బైటు నష్టం. 1978 నాటికి మెమరీలో ప్రతి బైటూ లెక్కే.

ఇక ఆఖరి పేచీ. ఇద్దరు ఒకే ఇన్‌స్ట్రక్షన్‌కి చేత్తో కోడ్ కట్టి రెండు వేర్వేరు జవాబులు తెచ్చారనుకోండి, ఒకటి తప్పని తీర్పు ఇచ్చేయకూడదు. మన `MOV [BP-4], DX`కే `89 96 FC FF` అనే నాలుగు బైట్ల రూపం కూడా ఉంది, `mod` 10 చేసి మైనస్ 4ని పూర్తి 16 బిట్లలో రాసినది. ప్రాసెసర్ చేసే పనిలో తేడా లేదు, ఒక బైటు దండగ, అంతే.

రెండు వైపులా రిజిస్టర్లే ఉంటే ఈ గమ్మత్తు ఇంకా బాగా కనిపిస్తుంది. `MOV CX, BX` తీసుకుంటే `mod` 11, అప్పుడు `reg`, `r/m` రెండూ రిజిస్టర్లే, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో మన ఇష్టం. `BX`ని `reg`లో పెడితే డేటా దాన్లోంచి పోతుంది, `d` 0, కోడ్ `89 D9`. `CX`ని `reg`లో పెడితే డేటా దానిలోకి వస్తుంది, `d` 1, కోడ్ `8B CB`. ఆక్టల్‌లో రెండో బైట్లు 331, 313, చివరి రెండు అంకెలు చోట్లు మారాయని చూడగానే తెలుస్తుంది. రెండూ రెండు బైట్లే, రెండూ చేసేది ఒకటే పని. నాస్మ్, `DEBUG` మొదటి రూపం ఇస్తాయి, మాస్మ్ రెండో రూపం ఇస్తుంది. అందుకే `DEBUG`తో కట్టి చూసుకున్న జవాబునీ, మాస్మ్ లిస్టింగ్ చూసి రికార్డులో రాసుకున్న జవాబునీ పక్కపక్కన పెడితే కలవకపోవచ్చు, రికార్డు దిద్దేవాళ్లు `8B CB` ఉన్నచోట `89 D9` చూసి ఎర్ర గీత పెడితే ఆ గీతే తప్పు. A86 అనే షేర్‌వేర్ అసెంబ్లర్ అయితే ఈ వెసులుబాటుని తెలివిగా వాడుకుంది: ఎక్కడెక్కడ ఏ రూపం ఎంచుకోవాలన్నదాన్ని ఒక ముద్రలా మార్చి, ఫలానా ప్రోగ్రామ్ తనతోనే తయారైందని తర్వాత గుర్తుపట్టేలా చేసింది.

తర్వాత వచ్చిన ప్రాసెసర్లలోనూ `BP` వదులుకున్న చోటు దానికి తిరిగి రాలేదు. 32 బిట్లకు వచ్చేసరికి `r/m` టేబుల్ మొత్తం మార్చేశారు, ఈసారి రిజిస్టర్ టేబుల్ వరుసనే దాదాపు యథాతథంగా తెచ్చారు, కాబట్టి `EBP` తన సొంత నంబరు 101లోకి వచ్చింది. నక్షత్రం కూడా దాని వెంటే 110 నుంచి 101కి వచ్చి చేరింది: `mod` 00, `r/m` 101 అంటే అక్కడ కూడా నేరుగా అడ్రసే, ఖాళీ `[EBP]` రాయాలంటే అక్కడా సున్నా బైటు చేర్చాల్సిందే. 64 బిట్ల మోడ్‌లో అదే చోటుని తీసుకుని, నేరుగా అడ్రసు కాకుండా `RIP` నుంచి ఎంత దూరమో చెప్పే రూపంగా మార్చారు.